మూడో నెల ఉత్తరం నేను చదవకుండానే ఎందుకు మూసేశాను

రెండేళ్ల క్రితం నవంబరు మొదటి వారంలో, డాక్టరు బీపీ 142/90 అని చూపించి "మందు తర్వాత, ముందు నడవండి" అన్న సాయంత్రం, నాకు నేనే ఆరు ఉత్తరాలు రాసుకున్నాను. నెలకొకటి చొప్పున, రెండో శనివారం సాయంత్రం ఆరింటికి నా మెయిల్‌కే వచ్చేలా పెట్టుకున్నాను. రెండో శనివారం ఎందుకంటే ఆ రోజు నాకు సెలవు, చదవడానికి తీరిక ఉంటుంది, తెల్లారితే ఆదివారం.

ఆ ఉత్తరాలు ఇలా ఉండేవి: "ఒరేయ్, ఆపకు. నువ్వు తలుచుకుంటే చేయలేనిది లేదు. పిల్లల మొహం గుర్తు తెచ్చుకో. బద్ధకం నీకు పరమ శత్రువు." ఆరింటిలోనూ ఇదే, మాటలు అటూ ఇటూ మార్చి రాసినవే. రాసేటప్పుడు కళ్లు చెమర్చాయి కూడా.

డిసెంబరులో మొదటిది వచ్చింది, నవ్వుకున్నాను. జనవరిలో రెండోది వచ్చేసరికి బ్యాగు సర్దుకుంటున్నాను, భోగికి ఊరు వెళ్లాలి. ఫిబ్రవరిలో మూడోది వచ్చేనాటికి నేను నడిచి 19 రోజులైంది. "బద్ధకం నీకు పరమ శత్రువు" అనే వాక్యం దగ్గర ఆగి, మిగతాది చదవకుండా మూసేశాను. మిగిలిన మూడూ వచ్చాయో లేదో కూడా చూడలేదు.

ఎవరైనా ఇంకొకరు రాసిన ఉత్తరమైతే, నన్ను ఎరగని మనిషి రాశాడులే అనుకునేవాణ్ణి. ఇది నేనే నాకు రాసుకున్నది. మరి ఎందుకు అంత కోపం వచ్చింది?

పాతకాలం ఉత్తరాల్లో "ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టేవాళ్లు. మీరూ మేమూ క్షేమమే అనుకుని, ఆపైన విషయం రాసేవాళ్లు. తనకు తాను రాసుకునే ఉత్తరంలో చిక్కు సరిగ్గా అక్కడే ఉంది. రాసేవాడు క్షేమం, చదివేవాడు క్షేమంగా లేడు. నవంబరులో కొత్త బూట్లు కొనుక్కుని, కడుపు నిండా తిని, ఫ్యాను కింద కూర్చుని రాసినవాడికి ఫిబ్రవరిలో జలుబు చేసి, ఆఫీసులో లెక్కలు తేలక, పొద్దున ఐదింటికి అలారం నొక్కేసేవాడి పరిస్థితి ఊహకు అందదు. జార్జ్ లోవెన్‌స్టీన్ అనే అమెరికన్ ఆర్థిక, మనస్తత్వ పరిశోధకుడు ఈ విషయం మీద చాలా పని చేశాడు. మనసు ఒక స్థితిలో ఉన్నప్పుడు, మరో స్థితిలో మనమే ఎలా ఆలోచిస్తామో సరిగ్గా అంచనా వేయలేమని ఆయన చెప్పేది. ఆకలి లేనప్పుడు ఉపవాసం తేలిక అనిపించడం లాంటిదే ఇది. ఉత్సాహంలో ఉన్నవాడు ఎదుటివాడిక్కూడా ఉత్సాహమే కావాలనుకుని అదే పంపిస్తాడు. చదివేవాడికి మాత్రం అది తిట్టులా వినపడుతుంది.

ఉత్సాహం ఇంకాస్త గట్టిగా ఎక్కిస్తే పనిచేసేదా? దీనికి ఒక చక్కని ప్రయోగం ఉంది. సారా మిల్న్, షీనా ఆర్బెల్, పాస్కల్ షీరన్ బ్రిటన్‌లో 248 మంది విద్యార్థులతో చేసి, 2002లో అచ్చు వేశారు. రాబోయే వారంలో కనీసం ఒక్కసారి 20 నిమిషాలు గట్టిగా వ్యాయామం చేస్తారా అన్నది వాళ్లు చూసింది. ఒక గుంపుకి ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదు, వాళ్లలో 38 శాతం చేశారు. రెండో గుంపుతో గుండెజబ్బు గురించి, వ్యాయామం చేసే మేలు గురించి చదివించారు. వాళ్లకి చెయ్యాలన్న కోరిక పెరిగింది, చేసినవాళ్లు మాత్రం 35 శాతమే. మూడో గుంపుతో అదంతా చదివించి, పైన ఒక్క వాక్యం రాయించారు: ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ చేస్తాను అని. వాళ్లలో 91 శాతం చేశారు.

ఇది ఒక్క వారం ముచ్చట, అదీ కుర్రవాళ్లతో. ఆరు నెలలకీ ఇదే లెక్క వర్తిస్తుందని నేను అనను. అయినా నా ఆరు ఉత్తరాలూ ఆ రెండో గుంపు కాగితాలేనని తెలిసిపోయింది. అందులో కోరిక ఉంది, చోటూ లేదు, వేళా లేదు.

మరుసటి ఏడాది నవంబరులో మళ్లీ మొదలుపెట్టాను. కార్తీకమాసం, మా రాజమండ్రిలో గోదావరి గట్టు మీద పొద్దున్నే జనం. ఈసారి ఉత్తరాలు రాసే ముందు ఒక్క ప్రశ్న వేసుకున్నాను: ఇవాళ నాకు తెలిసి, ఆ నెలకి నేను మరిచిపోయే సంగతి ఏమిటి? ఉత్తరంలో అది మాత్రమే ఉండాలి అనుకున్నాను.

మొట్టమొదట మరిచిపోయేది ఎక్కడ మొదలుపెట్టామన్నది. మూడో నెలలో "ఏం మారింది గనక" అనిపిస్తుంది, ఎందుకంటే మార్పు రోజూ కొంచెం కొంచెం వస్తుంది, మొదటిరోజు ఆయాసం ఎవరికీ గుర్తుండదు. అందుకని కొలతలు తీసుకున్నాను. బరువు మాత్రం ముఖ్యమైన కొలతగా పెట్టుకోలేదు. ఎందుకో ఒక లెక్క చెబుతాను.

నా బరువు అప్పుడు 78 కిలోలు. లెక్క తేలికగా ఉండేందుకు 70 కిలోల మనిషిని తీసుకుందాం. గంటకి 5 కిలోమీటర్ల వేగంతో 45 నిమిషాలు నడిస్తే, ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేదాన్ని తీసేయగా, అదనంగా కరిగేది సుమారు 130 కిలో కేలరీలు. నెలకి 20 రోజులు నడిస్తే 2,600. ఒక కిలో కొవ్వుకి సుమారు 7,700 లెక్క. అంటే తిండి ఏమాత్రం మార్చకుండా నెలంతా బుద్ధిగా నడిస్తే తగ్గేది మూడోవంతు కిలో. పొద్దుటి బరువుకీ సాయంత్రం బరువుకీ మధ్య తేడానే కిలో దాకా ఉంటుంది, ఆ హడావుడిలో ఈ మూడోవంతు కనపడనే కనపడదు. పైగా కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినవాళ్లకి కండరాల్లో పిండిపదార్థం నిల్వ పెరుగుతుంది, ఆ నిల్వ ఒక్కో గ్రాముకీ మూడు గ్రాముల దాకా నీటిని పట్టి ఉంచుతుంది. మొదటి నెలలో ముల్లు అరకిలో పైకి జరిగినా ఆశ్చర్యం లేదు. నడక మానేసినవాళ్లలో నాకు తెలిసిన సగం మంది ఈ ముల్లుని చూసే మానేశారు.

కాబట్టి వేరే రెండు కొలతలు. మొదటిది కుర్చీ పరీక్ష. పెద్దవాళ్ల కాళ్ల బలం చూడడానికి ఫిజియోథెరపీవాళ్లు వాడేదే. చేతులు ఛాతీ మీద కట్టుకుని, చేతుల్లేని కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టాలి. ప్రతిసారీ అదే కుర్చీ అయి ఉండాలి, గోడకి ఆనించి పెట్టాలి. నాకు 11 వచ్చింది. రెండోది మా ఇంటి నుంచి పుష్కర ఘాట్ దాకా, ఫోనులో చూస్తే రెండు కిలోమీటర్లు. 27 నిమిషాలు పట్టింది, చివర్లో రెండుసార్లు ఆగాను. బరువూ రాసుకున్నాను, కాకపోతే ఆఖరి వరసలో.

డిసెంబరు ఉత్తరం ఈ అంకెలతోనే మొదలైంది. "నవంబరు మొదటి ఆదివారం: కుర్చీ 11. ఘాట్ 27 నిమిషాలు, రెండుసార్లు ఆగావు. ఇది చదివాక ముందు కుర్చీలో కూర్చుని లెక్కపెట్టు, తర్వాత కింద చదువు." వచ్చినప్పుడు లెక్కపెడితే 14. ఎవరి పొగడ్తా అక్కర్లేకపోయింది.

కింద రాసింది ఇది: "అంకె పెరిగితే కండ పెరిగిందనుకోకు. మొదటి వారాల్లో పెరిగే బలం ఎక్కువగా నరాలది. ఉన్న కండనే బాగా వాడుకోవడం శరీరం నేర్చుకుంటుంది. అద్దంలో తేడా కనపడడానికి ఇంకా నెలలు కావాలి, అద్దంలో వెతక్కు." ఇలా ముందే చెప్పిపెట్టడం చిన్న సంగతే, కానీ చాలా ఉపయోగపడింది. ఏ నెలలో ఏది సహజమో తెలియకపోతే ప్రతిదీ ఓటమిలా కనపడుతుంది. కొత్త వ్యాయామం చేసిన మర్నాడూ, దాని మర్నాడూ కాళ్లు పట్టేయడం కూడా అలాంటిదే. రెండుమూడు రోజుల్లో దానంతటదే తగ్గితే అది కండరాల నొప్పి. ఒకే కీలు దగ్గర, ఒకే పక్క, రోజురోజుకీ పెరిగితే అది వేరు. ఆ తేడా కూడా ఉత్తరంలో రాశాను.

జనవరి ఉత్తరం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మొదటి ఏడాది నేను పడిపోయింది అక్కడే. జనవరిలో రెండో శనివారం 8 నుంచి 14 లోపే వస్తుంది, అంటే అచ్చంగా సంక్రాంతి ముంగిట్లోనే. అడ్డంకి తేదీతో సహా ముందే తెలుసన్నమాట. "పండగైనా ఆపకు" అని రాస్తే అది గాల్లో మాట. పీటర్ గోల్‌విట్జర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త 1990లలో చెప్పిన పద్ధతి ఇక్కడ పనికొస్తుంది: ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను అని ముందే కట్టి పెట్టుకోవడం. పైన చెప్పిన మూడో గుంపుతో రాయించింది ఈ కోవదే. ఇందులో కిటుకంతా "జరిగితే" అన్న భాగంలో ఉంది. అది కంటికి కనపడేది, తప్పక జరిగేది కావాలి. "వీలు కుదిరితే" అని రాస్తే ఎప్పటికీ కుదరదు.

నేను రాసింది: "అత్తగారింట్లో పొద్దున కాఫీ గ్లాసు కింద పెట్టగానే, చెప్పులేసుకుని కాలువ గట్టు మీద లాకుల దాకా వెళ్లి వస్తావు. బావగారు కూర్చోమంటే, 'మీరూ రండి' అంటావు. ఎంత దూరమన్నది లెక్క లేదు. అరిసెల లెక్క కూడా లేదు, తిను." ఆ నాలుగు రోజుల్లో మూడు రోజులు వెళ్లాను. ఒకరోజు బావగారు నిజంగానే వచ్చారు. కోడిపందేల దగ్గర ఆగిపోయి నడక సగంలోనే ముగిసిందనుకోండి, అది వేరే కథ.

ఫిబ్రవరి ఉత్తరం, అంటే పోయినసారి చదవకుండా మూసేసిన మూడోది, రాయడమే అన్నిటికన్నా కష్టమైంది. ఇక్కడ చదివేవాడు రెండు రకాలుగా ఉండొచ్చు: నడుస్తూనే విసుగెత్తినవాడు, మానేసి సిగ్గుపడుతున్నవాడు. ఒకడికి రాసింది ఇంకొకడికి పనికిరాదు. అందుకని ఉత్తరాన్ని రెండు ముక్కలు చేశాను. మొదటి లైను: "గత వారంలో ఒక్కసారైనా నడిచావా? నడిస్తే ఒకటో భాగం చదువు. లేకపోతే రెండోది. రెండూ చదవక్కర్లేదు."

ఒకటో భాగంలో, అలవాటు ఇంకా పడకపోవడం సహజమే అని రాశాను. 21 రోజుల్లో అలవాటు పడుతుందన్న మాట మనందరి చెవుల్లోనూ ఉంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 84 రోజుల పాటు గమనిస్తే, ఒక పని దానంతటదే జరిగే స్థితికి రావడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 66 రోజులని తేలింది. మనిషికీ మనిషికీ, పనికీ పనికీ తేడా మాత్రం చాలా ఉంది: 18 నుంచి 254 రోజుల దాకా, 84 దాటినవి వాళ్లు లెక్కగట్టిన అంచనాలు. భోజనంతో పాటు గ్లాసెడు నీళ్లు తాగడం లాంటివి త్వరగా అలవాటయ్యాయి, వ్యాయామానికి ఎక్కువ రోజులు పట్టింది. ఫిబ్రవరి రెండో శనివారానికి నాకు దాదాపు వంద రోజులు. "ఇంకా పొద్దున లేవాలంటే బాధగానే ఉందా? 254 కింద చాలా చోటుంది" అని రాసుకున్నాను.

రెండో భాగం మానేసినవాడికి. ఆ లండన్ పరిశీలనలోనే ఇంకో మాట ఉంది: మధ్యలో ఒక్కరోజు తప్పితే అలవాటు పెరిగే తీరు చెప్పుకోదగినంతగా చెడలేదు. వరసగా చాలా రోజులు పోతే సంగతి వేరు. అమెరికాలో కేటీ మిల్క్‌మన్, ఇంకా ఎందరో పరిశోధకులు కలిసి ఒక జిమ్ సంస్థ సభ్యులు 60 వేలమందికి పైగా జనం మీద, నాలుగు వారాల పాటు 54 రకాల పథకాలు పరీక్షించి, 2021లో ఫలితాలు ప్రకటించారు. వాటిలో అన్నిటికన్నా బాగా పనిచేసిన పథకం, ఒకసారి మానేశాక మళ్లీ వచ్చినవాళ్లకి చాలా చిన్న బహుమతి ఇచ్చినది. విలువ చూస్తే మన డబ్బులో పది రూపాయలు కూడా లేదు. నాలుగు వారాలు అయిపోయాక చాలా పథకాల ప్రభావం నిలవలేదన్నది కూడా ఆ ఫలితాల్లోనే ఉంది, అది దాచకూడదు. నాకు అందులో నచ్చింది, బహుమతి ఎక్కడ పెట్టారన్నది. మానకుండా ఉన్నందుకు ఇవ్వలేదు, తిరిగి వచ్చినందుకు ఇచ్చారు.

కాబట్టి రెండో భాగంలో ఎందుకు మానేశావని ఒక్క ప్రశ్న కూడా లేదు. తిరిగి ఎలా మొదలుపెట్టాలో మాత్రమే ఉంది: "ఎన్ని రోజులైంది? వారమే అయితే ఏమీ పోలేదు, రేపు మామూలుగానే నడువు. రెండు వారాలైతే దమ్ము కొంచెం తగ్గడం మొదలై ఉంటుంది, బలం ఇంకా ఉంటుంది. రేపు 30 నిమిషాలు చాలు. నెల దాటితే 20 నిమిషాలు, వారం పాటు అంతే. తిరిగి వచ్చిన రోజున వచ్చేటప్పుడు దేవీచౌక్ దగ్గర పెసరట్టు." ఈ నిమిషాల లెక్క నా సొంతం, ఏ పుస్తకంలోదీ కాదు. పాత వేగంతోనే మొదలుపెట్టి మోకాలు నొప్పి తెచ్చుకుని, మళ్లీ మానేసేవాళ్లని చూసి పెట్టుకున్నది.

ఆ ఫిబ్రవరిలో నేను ఏ భాగం చదివానంటే, రెండోదే. జ్వరం వచ్చి తొమ్మిది రోజులు పోయాయి. ఆదివారం 30 నిమిషాలు నడిచి పెసరట్టు తిన్నాను. కేలరీల లెక్కలో నష్టమే.

ఉత్తరాలు ఎలా పెట్టుకోవాలో కూడా చెప్పాలి, అందులోనూ ఒక మెలిక ఉంది. జీమెయిల్‌లో మీకు మీరే మెయిల్ రాసి, కంప్యూటర్‌లోనైతే `Send` పక్కనున్న చిన్న బాణం నొక్కితే `Schedule send` వస్తుంది. అందులో `Pick date & time` దగ్గర తేదీ, వేళ పెట్టాలి. నెలనెలా అదే మళ్లీ పంపే వీలు అందులో లేదు, ఆరింటినీ విడిగా పెట్టుకోవాలి. మొదట విసుక్కున్నాను గానీ అదే మంచిదైంది. క్యాలెండరులో నెలనెలా ఒకే సందేశం వచ్చేలా పెట్టుకుంటే, మూడోసారికి అది గోడ మీద పాత క్యాలెండరులా అయిపోతుంది, కన్ను పడదు. పైగా ప్రతి నెలకీ సంగతి వేరు కదా.

పంపకముందు ఆ మెయిళ్లన్నీ `Scheduled` అనే చోట కనపడుతూనే ఉంటాయి. తెరిచి చదవకూడదన్నది నా నియమం. మార్చడానికి మాత్రం తెరవొచ్చు: `Cancel send` నొక్కితే డ్రాఫ్టుగా వెనక్కి వస్తుంది, దిద్ది మళ్లీ తేదీ పెట్టాలి. ఈ చివరి పని మరిచిపోతే ఆ నెల ఉత్తరం రాదు, నాకు ఒకసారి అలాగే అయింది. మెయిల్ వాడని మా అక్కయ్య ఇదే పని కవర్లతో చేసింది. ఆరు కవర్లు అంటించి, పైన నెల పేరు రాసి, కోడలి చేతికిచ్చి నెలకొకటి ఇమ్మంది. ఒక రకంగా అదే మేలు, ముందే తొంగి చూడలేరు.

తేదీ విషయంలో ఒక జాగ్రత్త. ఒకటో తారీఖున వచ్చేలా పెట్టుకోవాలని అందరికీ అనిపిస్తుంది. కొత్త నెల, కొత్త వారం, పుట్టినరోజు లాంటి రోజుల్లో మనుషులు కొత్తగా మొదలుపెట్టడానికి ఎక్కువ ముందుకొస్తారన్నది నిజమే, దాని మీద పరిశోధనలూ ఉన్నాయి. కానీ ఉత్తరం ఒకటినే వస్తుందని తెలిస్తే, 20న మానేసినవాడు "ఎలాగూ ఒకటి నుంచి" అని పది రోజులు హాయిగా పడుకుంటాడు. ఆ పడుకునేవాణ్ణి నేనే కాబట్టి చెబుతున్నాను.

మార్చి ఉత్తరం చిన్నది. అప్పటికి అదే దూరం, అదే వేగం శరీరానికి అలవాటైపోతుంది, దాంతో కొలతలు ఆగిపోతాయి. ఆగితే ఏం చేయాలో రాశాను: ఘాట్ దగ్గర మెట్లు దిగి ఎక్కడం వారానికి రెండు రోజులు, మొదట మూడుసార్లు.

ఏప్రిల్ ఉత్తరంలో అసలు ప్రోత్సాహమే లేదు, కొంత వెనక్కి లాగడం ఉంది. మా రాజమండ్రి ఎండలు తెలిసినవాళ్లకి కారణం చెప్పక్కర్లేదు. "ఐదింటికి బయల్దేరు, ఆరుకల్లా ఇంట్లో ఉండు. లేవలేకపోతే ఏడింటికి నడవొద్దు, ఆ రోజు ఇంట్లో కుర్చీ మీద మూడు విడతలు చేసి ఊరుకో. ఉక్కగా ఉన్న రోజు ఘాట్‌కి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అది వెనకబడడం కాదు." ప్రతి ఉత్తరం పైన ఎర్ర అక్షరాల్లో ఒక లైను కూడా పెట్టాను: నడుస్తుంటే ఛాతీలో బిగుతు, ఎడమ చేతికో దవడకో లాగడం, కళ్లు తిరగడం ఉంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లు అని. మనల్ని మనం ఉసిగొల్పుకోవడానికి రాసుకున్న కాగితం ఆ రోజున కూడా "ఆపకు" అనకూడదు.

మే ఉత్తరం రోహిణి కార్తెకి రెండు వారాల ముందు వచ్చింది. అందులో నేను రాసినవి మూడు లైన్లే, ఎదురుగా ఖాళీలు. నింపి, జవాబుగా నాకే తిరిగి పంపుకున్నాను. కుర్చీ: 17. ఘాట్: 22 నిమిషాలు, ఆగలేదు. బరువు: 76.8.